స్కూలు బ్యాగూ టోపీ ఇంట్లో ఉతకడం: ఏది చేత్తో, ఏది మెషీన్లో, ఎలా ఆరబెట్టాలి

పైనుంచి చూస్తే స్కూలు బ్యాగు కూడా గుడ్డ సంచే కాబట్టి, మిగతా బట్టలతో పాటు నానబెట్టి ఉతికేస్తే సరిపోతుందని అనిపిస్తుంది. నిజానికి అందులో గుడ్డ సగమే. అడుగున అట్టో ప్లాస్టిక్ పలకో ఉంటుంది. భుజాల పట్టీల్లోనూ వీపుకు ఆనే వైపునా స్పాంజి ఉంటుంది. గుడ్డ లోపలి వైపున వాన నీరు దిగకుండా పూసిన పల్చటి పూత ఉంటుంది. చాలా బ్యాగుల్లో గుడ్డ నైలానో పాలిస్టరో కావడం వల్ల దానికి ఉతుకుతో వచ్చే ముప్పేమీ లేదు. పాడయ్యేవి ఈ కనపడని మూడే. అందుకని బకెట్లో నీళ్లు పట్టకముందే ఈ మూడింటినీ తడిమి చూసుకోవడం మొదటి పని. టోపీ సంగతీ ఇంతే. దాని గుడ్డకు ఏమీ కాదు, ముందుకు పొడుచుకువచ్చిన అంచులో ఏముందన్నదే అసలు ప్రశ్న.

ఈ సంగతి నాకు తెలిసింది ఒక బ్యాగు పాడయ్యాకే. మా అమ్మాయి బ్యాగును సెలవుల మొదటి రోజున ఏమీ చూడకుండా మెషీన్లో వేశాను. తీసేసరికి అడుగున ఉన్న అట్ట గుజ్జయిపోయి, కుట్ల సందుల్లోంచి బూడిదరంగు ముద్దలుగా బయటికి వచ్చింది. ఆ ముద్దలు బ్యాగు జేబుల్లోకీ, మెషీన్ జల్లెడలోకీ చేరాయి. వాటిని ఏరడానికి పట్టిన సమయంలో ఆ బ్యాగును చేత్తో రెండుసార్లు ఉతికి ఉండవచ్చు.

ముందుగా తడిమి చూడవలసినవి

బ్యాగును పూర్తిగా ఖాళీ చేసి, అన్ని జిప్పులూ తెరిచి, తలకిందులు చేసి బాగా దులపండి. పెన్సిల్ పొట్టు, రబ్బరు ముక్కలు, బిస్కెట్ పొడి అడుగు మూలల్లో కుట్టు వెంబడి పేరుకొని ఉంటాయి. దులిపితే రాని వాటిని పళ్లు తోముకునే పాత బ్రష్షుతో పొడిగా ఉండగానే గీకి తీయండి. తడిస్తే పెన్సిల్ పొట్టులోని నల్లటి పొడి లేతరంగు లోగుడ్డకు పట్టుకుంటుంది. చిన్న జేబుల్లో పెన్ను మూతలు, నాణేలు, చాక్లెట్ కాగితాలు ఉన్నాయేమో వేళ్లు పెట్టి చూడండి. మూత లేని పెన్ను ఒక్కటి నీళ్లలోకి వెళితే మిగిలిన పనంతా వృథా.

తరువాత అడుగు భాగాన్ని రెండు బొటనవేళ్లతో నొక్కి, కొద్దిగా వంచి వదలండి. వంచగానే చప్పున యథాస్థానానికి వస్తే లోపల ఉన్నది ప్లాస్టిక్. మెత్తగా కరకరమని, వంచిన చోట మడత అలాగే నిలిచిపోతే అది అట్ట. వీపు వైపున కూడా ఇలాగే చూడాలి, ఎందుకంటే కొన్ని బ్యాగులకు అక్కడా పలక ఉంటుంది. కొన్నింటిలో ఈ పలకను లోపలి నుంచి అతుకుడు పట్టీ తెరిచి బయటికి తీయవచ్చు. అలా వస్తే తీసి పక్కన పెట్టేయండి, సమస్య తీరింది. అట్ట కుట్టులోపల బిగిసి ఉంటే మాత్రం ఆ బ్యాగును నానబెట్టకూడదు, మెషీన్లో అసలే వేయకూడదు. కుట్టుపని వచ్చినవారు లోగుడ్డ కుట్టును జానెడు మేర విప్పి, అట్టను తీసేసి, అదే కొలతకు కత్తిరించిన ప్లాస్టిక్ పలకను పెట్టి మళ్లీ కుట్టేస్తే ఆ బ్యాగు ఇక ఎప్పుడైనా ఉతుక్కోవచ్చు. అరగంట పనే కాబట్టి, గుడ్డ గట్టిగా ఉన్న బ్యాగుకు ఇది చేయదగిన పనేనని నా అభిప్రాయం.

ఇక లోపలి పూత. పొడిగా ఉన్న తెల్ల గుడ్డతో బ్యాగు లోపలి వైపును పదిసార్లు గట్టిగా రుద్ది చూడండి. గుడ్డకు ఏమీ అంటకపోతే పూత బాగుంది. చుండ్రులాంటి తెల్లటి పొట్టు రాలినా, వేలికి జిగటగా తగిలినా ఆ పూత కాలం తీరింది. అలాంటి బ్యాగును మెషీన్లో తిప్పితే మిగిలిన పూత కూడా పెచ్చులుగా లేచి, ఆ తరువాత నెలల తరబడి పుస్తకాల మీద రాలుతూనే ఉంటుంది. దానిని చేత్తో, బ్రష్షు లేకుండా, మెత్తటి గుడ్డతో తుడిచి కడగడమే మంచిది.

లోపలి కుట్టులో సూచనల చీటీ ఉంటే చదవండి. తొట్టి బొమ్మలో చేయి ఉంటే చేత్తో మాత్రమే ఉతకాలని, తొట్టి మీద ఇంటూ గీత ఉంటే అసలు ఉతకకూడదని, చదరంలో ఉన్న గుండ్రం మీద ఇంటూ గీత ఉంటే డ్రైయర్లో ఆరబెట్టకూడదని, త్రికోణం మీద ఉంటే బ్లీచ్ వాడకూడదని అర్థం. చీటీ లేని బ్యాగులే ఎక్కువ కాబట్టి పైన చెప్పిన పరీక్షల మీదే ఆధారపడవలసి వస్తుంది. తోలు అతుకులు ఉన్న బ్యాగును, వీపు వైపున లోహపు చట్రం ఉన్న బ్యాగును మెషీన్ జోలికి తీసుకువెళ్లవద్దు. కాన్వాస్, జీన్స్ గుడ్డతో చేసినవి నూలువి కాబట్టి వేడి నీటిలో కుంచించుకుపోతాయి, రంగు కూడా దిగుతుంది. వాటికి చన్నీళ్లే వాడాలి.

మరకలను ఉతకడానికి ముందే తీయాలి

మరక మీద నేరుగా నీళ్లు పోసి రుద్దడం చాలామంది చేసే పొరపాటు. ముఖ్యంగా బాల్‌పెన్ సిరా మరక నీటికి కరగదు, స్పిరిట్‌కు కరుగుతుంది. కాబట్టి గుడ్డ పొడిగా ఉండగానే దాని పని పట్టాలి. బ్యాగు లోపలి నుంచి మరక కిందికి వచ్చేలా మడిచిన తెల్ల గుడ్డను పెట్టండి. మరొక చిన్న గుడ్డ ముక్కను సర్జికల్ స్పిరిట్‌లో ముంచి, మరక బయటి అంచు నుంచి మధ్యకు వస్తూ అద్దండి. రుద్దితే సిరా వ్యాపిస్తుంది, అద్దితే కింది గుడ్డలోకి దిగుతుంది. కింది గుడ్డను ప్రతి ఐదారు అద్దకాలకు కొంచెం జరుపుతూ ఉండాలి, లేకపోతే దిగిన సిరానే మళ్లీ పైకి ఎక్కుతుంది. స్పిరిట్ మంటకు అంటుకుంటుంది కాబట్టి పొయ్యి దగ్గర ఈ పని చేయవద్దు. ముద్రించిన బొమ్మల రంగును కూడా కరిగిస్తుంది కాబట్టి బొమ్మ మీద పడనివ్వవద్దు. జెల్ పెన్ మరక తరచుగా దీనికి లొంగదు. రెండు మూడు సార్లు అద్దినా లేతబడకపోతే ఆ మచ్చను వదిలేయండి. ఇంకా రుద్దితే బ్యాగు రంగు పోయి మచ్చ పెద్దదవుతుంది.

నూనె మరకకు, అంటే భోజనం డబ్బా కారిన చోట, గిన్నెలు తోమే లిక్విడ్‌ను రెండు చుక్కలు నేరుగా వేసి, వేలితో రాసి, పావుగంట వదలండి. బురదను మాత్రం పూర్తిగా ఎండనివ్వాలి. తడి బురదను తుడిస్తే గుడ్డ నేతలోకి దిగుతుంది, ఎండిన బురద బ్రష్షుతో రాలిపోతుంది. అంటుకున్న చూయింగ్ గమ్ మీద ప్లాస్టిక్ కవర్లో ఐసు ముక్కలు పెట్టి గట్టిపడ్డాక చెంచా అంచుతో గీకితే వస్తుంది. బూజు పట్టిన బ్యాగును ముందు ఆరుబయటకు తీసుకువెళ్లి పొడిగా దులిపిన తరువాతే ఇంట్లోకి తేవాలి. ముక్కుకు గుడ్డ కట్టుకోవడం మరువకండి.

బ్లీచ్ గురించి ఒక్క మాట. రంగు బ్యాగులకు అది ఎలాగూ పనికిరాదు. అంతకన్నా ముఖ్యంగా, బ్లీచ్‌నూ వెనిగర్‌నూ ఎప్పుడూ ఒకే నీళ్లలో కలపవద్దు. ఆ కలయికలో క్లోరిన్ వాయువు పుడుతుంది, అది ఊపిరితిత్తులకు ప్రమాదకరం.

చేత్తో ఉతకడం

అట్ట లేని ఏ బ్యాగుకైనా ఇదే నేను ముందుగా చెప్పే దారి. పది లీటర్ల గోరువెచ్చటి నీటికి పెద్ద చెంచాడు, అంటే సుమారు 15 మిల్లీలీటర్ల, లిక్విడ్ డిటర్జెంట్ చాలు. చెయ్యి పెడితే వేడి తెలియనంత గోరువెచ్చన ఉండాలి; 30 డిగ్రీలు దాటనవసరం లేదు. పొడి డిటర్జెంట్ వాడితే అది పూర్తిగా కరిగాకే బ్యాగును ముంచాలి, ఎందుకంటే కరగని పలుకులు కుట్లలోనూ జాలీ గుడ్డలోనూ ఇరుక్కుంటే ఎన్నిసార్లు జాడించినా పోవు.

బ్యాగును తిరగేసి, అంటే లోపలి వైపు బయటికి వచ్చేలా చేసి ముంచండి. ఇరవై నిమిషాలు నానితే మురికి వదులవుతుంది. రాత్రంతా నానబెట్టడం వల్ల వచ్చే లాభమేమీ లేదు. పైగా బ్యాగు గుడ్డది ఒక రంగు, పట్టీలది ఇంకొక రంగు అయితే ఒకదాని రంగు మరొకదానికి ఎక్కుతుంది. నానిన తరువాత లోపలి వైపు మెత్తటి గుడ్డతో తుడిచి, బ్యాగును మళ్లీ మామూలుగా తిప్పి, బయటి వైపు బ్రష్షుతో తోమండి. అడుగు, వీపు భాగం, పట్టీల లోపలి వైపు, పైన పట్టుకునే పిడి. మురికి ఉండేది ఈ నాలుగు చోట్లే. ముందు జేబు తెల్లగా మెరిసేదాకా తోమి, పట్టీలను మరచిపోయేవారిని చాలామందిని చూశాను.

పట్టీల మీద కొంచెం ఎక్కువ సేపు నిలవాలి. బ్యాగు నుంచి వచ్చే పుల్లటి వాసనకు ఎక్కువసార్లు కారణం అవే. చెమట జాలీ గుడ్డ గుండా స్పాంజిలోకి దిగి, అక్కడే ఎండి, మళ్లీ తడిసి, మళ్లీ ఎండుతూ ఉంటుంది. పైపైన తోమితే ఈ చెమట రాదు. పట్టీని డిటర్జెంట్ నీళ్లలో ముంచి, రెండు అరచేతుల మధ్య పెట్టి, పై కొస నుంచి కింది కొస దాకా నొక్కుతూ వదులుతూ రండి. నొక్కినప్పుడు మురికి నీరు బయటికి వస్తుంది, వదిలినప్పుడు సబ్బు నీరు లోపలికి పోతుంది. మొదటిసారి వచ్చే నీరు టీ డికాక్షన్ రంగులో ఉన్నా ఆశ్చర్యపోవద్దు. పదీ పన్నెండు నొక్కులకు రంగు తేలికపడుతుంది.

జాడించడం నీళ్లు మార్చి కనీసం మూడుసార్లు చేయాలి. నురగ కనిపించకపోతే సబ్బు పోయినట్లేనని అనుకోవడం గుడ్డ విషయంలో నిజమే కానీ, స్పాంజి విషయంలో కాదు. చివరి జాడింపు తరువాత పట్టీని మంచినీళ్లలో ముంచి గట్టిగా నొక్కి చూడండి. తెల్లటి బుడగలు వస్తే లోపల ఇంకా సబ్బు ఉంది. అది అలాగే ఉండిపోతే చెమట పట్టినప్పుడల్లా పిల్లల మెడ దగ్గర దురద పెడుతుంది, దుమ్ము కూడా త్వరగా అంటుకుంటుంది. వాసన బాగా పట్టిన బ్యాగుకు ఆఖరి జాడింపు నీటిలో, అంటే పది లీటర్లలో, ఒక కప్పు తెల్ల వెనిగర్ కలిపి పది నిమిషాలు ఉంచి, మరోసారి మంచినీటితో జాడించవచ్చు.

అట్టను తీయలేని బ్యాగుకు వేరే పద్ధతి. గిన్నెలో కొద్దిగా నీళ్లు, డిటర్జెంట్ వేసి గిలకొట్టి, పైకి లేచిన నురగను మాత్రమే స్పాంజితో తీసుకొని గుడ్డ మీద రుద్దండి. వెంటనే తడి గుడ్డతో రెండుసార్లు తుడిచి, పొడి గుడ్డతో అద్దండి. నురగలో నీరు తక్కువ కాబట్టి అట్ట దాకా తడి చేరదు. ఒక్కో వైపు ముగించి మరో వైపుకు వెళ్లాలే తప్ప బ్యాగంతటికీ ఒకేసారి నురగ పట్టించకూడదు.

మెషీన్లో వేయాలంటే

ముందు చెప్పిన పలక, పూత పరీక్షలు నెగ్గిన నైలాన్, పాలిస్టర్ బ్యాగును మెషీన్లో వేయవచ్చు. ముందు నుంచి తలుపు ఉన్న మెషీన్ అయితే మేలు. పైనుంచి బట్టలు వేసే రకంలో మధ్యలో నిలువు కడ్డీ ఉంటే, పట్టీలు దానికి చుట్టుకొని మెలిపడి కుట్లు తెగుతాయి.

పట్టీలను వీలైనంత పొట్టిగా లాగి, కొసలను వదులు ముడి వేయండి. జిప్పుల దగ్గర వేలాడే దారప్పోగులుంటే కత్తిరించండి, లేకపోతే జిప్పు పళ్లలో ఇరుక్కుంటాయి. తరువాత బ్యాగును తిరగేసి, అన్ని జిప్పులూ పూర్తిగా తెరిచి ఉంచండి. జిప్పులు మూయాలని కొందరు చెబుతారు కానీ, బ్యాగుల విషయంలో దానితో నేను ఏకీభవించను. పూత ఉన్న గుడ్డ నీటిని బయటికి పోనివ్వదు. మూసిన జేబులోకి చేరిన నీరు మెషీన్ పిండే సమయంలో ఒకవైపే బరువుగా నిలిచి, డ్రమ్ము ఎగిరెగిరి పడుతుంది. జిప్పు మిగతా బట్టలకు తగలకుండా ఉండటానికి బ్యాగును వలసంచిలోనో, పాత దిండు గలీబులోనో పెట్టి మూతి కట్టండి. బకిల్స్ డ్రమ్ముకు కొట్టుకోకుండా కూడా అదే కాపాడుతుంది.

బ్యాగు ఒక్కటే వేస్తే బరువు సమంగా ఉండదు కాబట్టి, తోడుగా రంగు దిగని పాత తువ్వాళ్లు రెండు వేయండి. సున్నితమైన బట్టలకు ఉద్దేశించిన సైకిల్‌ను, చన్నీటిని లేదా 30 డిగ్రీలను ఎంచుకొని, పిండే వేగాన్ని మెషీన్ ఇచ్చే అతి తక్కువకు, సాధారణంగా నిమిషానికి 400 నుంచి 600 చుట్లకు, తగ్గించండి. డిటర్జెంట్ మామూలుగా వేసే దానిలో సగం చాలు. బట్టలను మెత్తబరిచే కండిషనర్ వేయవద్దు. అది గుడ్డ మీద పొరలా నిలిచి, వాన నీటిని జార్చే గుణాన్ని తగ్గిస్తుంది. జాడింపును మాత్రం ఒకసారి అదనంగా పెట్టండి. పూర్తిగా నీరు దిగని రకం బ్యాగును, అంటే టార్పాలిన్‌లాంటి గుడ్డతో చేసిన దానిని, పిండే సైకిల్‌లో పెట్టనే కూడదు.

ఆరబెట్టడం

బ్యాగులు ఎక్కువగా పాడయ్యేది ఇక్కడే. గుడ్డ రెండు మూడు గంటల్లో ఆరిపోయి, ముట్టుకుంటే పొడిగా తగులుతుంది. లోపల స్పాంజి మాత్రం వంటింట్లో గిన్నెలు తోమే స్పాంజిలాగే నీటిని పట్టుకొని ఉంటుంది. ఆ స్థితిలో పుస్తకాలు సర్ది బడికి పంపితే, రెండో రోజుకు ముక్క వాసన, వారానికి పట్టీ కుట్టు దగ్గర నల్లటి చుక్కలు కనిపిస్తాయి. ఆ చుక్కలు బూజు.

బ్యాగును మెలిపెట్టి పిండవద్దు, పలక విరుగుతుంది, స్పాంజి లోపల అతుకు ఊడుతుంది. పొడి తువ్వాలును నేల మీద పరిచి, దాని మీద బ్యాగును ఉంచి, పైన మరో తువ్వాలు వేసి అరచేతులతో నొక్కండి. పట్టీలకు విడిగా తువ్వాలు చుట్టి, మోకాలి కింద పెట్టి ఒత్తితే చేతితో రానంత నీరు వస్తుంది. ఈ ఐదు నిమిషాల పని ఆరే సమయంలో సగం రోజును మిగులుస్తుంది.

తరువాత జిప్పులన్నీ తెరిచి, జేబుల లోగుడ్డలను బయటికి లాగి, బ్యాగును తలకిందులుగా వేలాడదీయండి. నిటారుగా తగిలిస్తే నీరంతా అడుగు కుట్టులోకి చేరి అక్కడే నిలుస్తుంది. నాలుగు గంటలయ్యాక నిటారుగా మార్చండి. ఈసారి పట్టీల పై కొసల్లో చేరిన నీరు కిందికి దిగుతుంది. గాలి బాగా ఆడే నీడపట్టు మంచిది. గంటా రెండు గంటల లేత ఎండ వాసన పోవడానికి పనికివస్తుంది కానీ, రోజంతా మండుటెండలో ఉంచితే నైలాన్ రంగు వెలుస్తుంది, దారం బలహీనపడుతుంది. గాలి లేని రోజున ఫ్యాను కింద పెట్టండి. డ్రైయర్ యంత్రం, హీటర్, వేడిగాలి వదిలే హెయిర్ డ్రైయర్, వీటి వేడికి లోపలి పూత లేస్తుంది, స్పాంజిని అతికించిన జిగురు కరుగుతుంది. బ్యాగు ఆకారం నిలవడానికి లోపల కాగితాలు కుక్కాలనుకుంటే తెల్ల కాగితాలే వాడండి, వార్తాపత్రికల సిరా తడి లోగుడ్డకు అంటుతుంది.

ఆరిందో లేదో చేత్తో ముట్టుకొని చెప్పలేము. టిష్యూ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, పట్టీలో అన్నిటికన్నా మందంగా ఉన్న చోట రెండు వైపులా ఆనించి, బొటనవేలు చూపుడువేళ్ల మధ్య పది అంకెలు లెక్కపెట్టేదాకా గట్టిగా నొక్కండి. కాగితం చల్లగా తగిలినా, మచ్చ కనిపించినా ఇంకా తడి ఉంది. మా అబ్బాయి బ్యాగునే ఉదాహరణగా చెబుతాను. శనివారం ఉదయం తొమ్మిదింటికి చేత్తో ఉతికి, పదిన్నరకు వేలాడదీశాను. మధ్యాహ్నం రెండింటికి గుడ్డ ఆరింది. సాయంత్రం ఆరింటికి టిష్యూ పరీక్షలో వీపు భాగం నెగ్గింది, పట్టీలు నెగ్గలేదు. రాత్రంతా ఫ్యాను కింద ఉంచాక ఆదివారం ఉదయం ఎడమ పట్టీ ఆరింది, కుడి పట్టీ కింది కొస మాత్రం కాగితాన్ని తడిపింది. అది ఆరేసరికి మధ్యాహ్నమైంది. గుడ్డ మూడున్నర గంటల్లో ఆరిన బ్యాగు పూర్తిగా ఆరడానికి ఒక రోజు దాటింది. గాలిలో తేమ ఉంటే రెండు రోజులు పడుతుంది. అందుకే ఆదివారం సాయంత్రం బ్యాగు ఉతకడం మొదలుపెట్టవద్దు.

ఉతికిన తరువాత జిప్పు బిగుతుగా నడవడం మామూలే. కొవ్వొత్తిని జిప్పు పళ్ల మీద రెండు వైపులా ఒకసారి రాసి, నాలుగైదుసార్లు తెరిచి మూస్తే తేలికపడుతుంది.

టోపీలు

టోపీని మెషీన్లో వేయకపోవడమే నయం. గుడ్డకు ఏమీ కాకపోయినా, ముందరి భాగాన్ని నిలబెట్టే గట్టి లోగుడ్డ నలిగి, ఆ నలుగుడు మళ్లీ పోదు. చేత్తో ఉతికితే పది నిమిషాల పనే.

ముందంచును కొద్దిగా వంచి చూడండి. చప్పున తిరిగి వస్తే ప్లాస్టిక్, మడత నిలిస్తే అట్ట. అట్ట ఉన్న టోపీని నీళ్లలో ముంచకుండా, అంచును పైకి పట్టుకొని, లోపలి పట్టీని మాత్రమే నురగతో రుద్ది తుడవాలి. రెండో పరీక్ష రంగుది. తడిపిన తెల్ల గుడ్డను లోపలి కుట్టు మీద నిమిషంపాటు అదిమి చూడండి. రంగు అంటితే, ముఖ్యంగా ఎర్ర అంచు, తెల్ల పైభాగం ఉన్న టోపీలలో, నానబెట్టవద్దు. చన్నీటిలో తడిపి, వెంటనే ఉతికి, వెంటనే జాడించాలి.

టోపీలో మురికంతా నుదుటికి ఆనే పట్టీలో ఉంటుంది. అక్కడ పేరుకునేది చెమటలోని ఉప్పు ఒక్కటే కాదు, తలనూనె కూడా. నూనెకు గిన్నెలు తోమే లిక్విడ్ బాగా పనిచేస్తుంది. పట్టీని తడిపి, రెండు చుక్కలు వేసి, పాత పళ్లబ్రష్షుతో పట్టీ పొడవునా తోమండి. పసుపు మరక గట్టిగా ఉంటే రెండు చెంచాల వంటసోడాను ఒక చెంచా నీటితో ముద్దగా కలిపి, పట్టీకి పట్టించి అరగంట ఉంచి తోమవచ్చు. తెల్ల టోపీకి బ్లీచ్ వేస్తే చెమట మరక ఇంకా పసుపెక్కే అవకాశం ఉంది కాబట్టి ఆ ఆశ పెట్టుకోవద్దు. మిగతా గుడ్డను గోరువెచ్చటి డిటర్జెంట్ నీటిలో పది నిమిషాలు ఉంచి, చేతివేళ్లతో మెల్లగా రుద్దితే చాలు. ఎంబ్రాయిడరీ మీద బ్రష్షు వద్దు, దారాలు లేస్తాయి. ఉన్ని టోపీకి చన్నీళ్లు, ఉన్నికి వాడే లిక్విడ్ మాత్రమే. వేడి నీళ్లు తగిలినా, గట్టిగా రుద్దినా అది తల పట్టనంతగా ముడుచుకుపోతుంది.

జాడించిన టోపీని పిండకుండా తువ్వాలులో అద్ది, తల కొలతకు దగ్గరగా ఉన్న బోర్లించిన గిన్నె మీద తొడగండి. గిన్నె మరీ పెద్దదైతే తడి గుడ్డ సాగుతుంది, చిన్నదైతే పైభాగం కుంగుతుంది. సరైన గిన్నె లేకపోతే చిన్న తువ్వాలును ఉండచుట్టి లోపల నింపి, ఆ తువ్వాలు తడిసినప్పుడల్లా మార్చండి. ముందంచు వంపును తడిగా ఉండగానే వేళ్లతో సరిచేసి వదలాలి, ఎందుకంటే అది ఏ వంపులో ఆరితే ఆ వంపులోనే నిలుస్తుంది. దండెం మీద క్లిప్పుతో అంచు పట్టి వేలాడదీస్తే క్లిప్పు గుర్తు పడుతుంది, టోపీ ఒకవైపుకు లాగినట్లవుతుంది. ఫ్యాను గాలికి ఏడెనిమిది గంటల్లో పైభాగం ఆరుతుంది. నుదుటి పట్టీని లోపలి నుంచి బయటికి మడిచి మరో రెండు గంటలు ఉంచండి, దాని వెనుక దాగిన తడి అప్పుడే పోతుంది.